కఫం స్మియరుకు జీల్-నీల్సన్ రంగు వేయడం, క్షయ క్రిములను లెక్కించి గ్రేడు ఇవ్వడం

కఫం రిపోర్టులో 1+ అనో 3+ అనో రాస్తున్నప్పుడు మీరు రాస్తున్నది ఒక లెక్క. ఇన్ని ఫీల్డులు చూశాను, అందులో ఇన్ని క్రిములు కనబడ్డాయి అన్న మాటను కుదించి రాసిన గుర్తు అది. ఆ లెక్కకు విలువ ఉండాలంటే స్మియరు ఒకే వెడల్పులో, ఒకే పలుచదనంలో ఉండాలి, రంగు సరిగా ఎక్కి ఉండాలి, కన్ను నిజంగా అన్ని ఫీల్డులనూ చూసి ఉండాలి. అందువల్ల గ్రేడింగు మైక్రోస్కోపు దగ్గర మొదలవదు, డబ్బా మూత తీసిన క్షణం నుంచే మొదలవుతుంది. మన జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద పనిచేసే మైక్రోస్కోపీ కేంద్రాలలో అనుసరించే వేడి జీల్-నీల్సన్ పద్ధతిని ఆ వరుసలోనే చెబుతాను. ఆరమైన్ రంగుతో ఎల్‌ఈడీ ఫ్లోరెసెంట్ మైక్రోస్కోపులో చూసేవారికి ఫీల్డు పెద్దదిగా ఉంటుంది కనుక వారి గ్రేడింగు అంకెలు వేరు. ఇక్కడి అంకెలను అక్కడ వాడకూడదు.

నమూనా, స్మియరు

రోగికి డబ్బా ఇచ్చేటప్పుడు "కఫం ఇవ్వండి" అంటే చాలామంది ఉమ్మి ఇస్తారు. "నోట్లోని ఉమ్మి కాదండీ, గట్టిగా రెండు మూడుసార్లు ఊపిరి పీల్చి వదిలి, లోపలి నుంచి దగ్గి గళ్ల తీసి వేయండి" అని చెప్పాలి. తెలంగాణలో కళ్లె అంటేనే తెలుస్తుంది. గాలి వెలుతురు ఉన్న ఆరుబయట, ఎవరూ ఎదురుగా లేని చోట దగ్గించాలి. రెండు నమూనాలు తీసుకుంటాం: ఒకటి వచ్చిన వెంటనే, రెండవది మర్నాడు పొద్దున లేవగానే. రాత్రంతా ఊపిరితిత్తులలో పేరుకున్న కఫం కావడం వల్ల పొద్దుటి నమూనాలోనే సాధారణంగా క్రిములు ఎక్కువగా దొరుకుతాయి. నమూనా 2 నుంచి 5 మి.లీ. వరకు ఉండి, చిక్కగా, కాస్త చీము కలిసినట్టు ఉంటే మంచిది. నీళ్లలా నురగతో ఉంటే అది ఉమ్మే. అలాంటిదాన్ని కూడా పారవేయకుండా పరీక్షించండి, కానీ నమూనా రూపాన్ని రిజిస్టరులో రాసి, మరొకటి అడగండి.

స్లైడు ఎప్పుడూ కొత్తదే కావాలి. పాత స్లైడును ఎంత కడిగినా గీతలూ పాత క్రిములూ మిగిలిపోవచ్చు. జిడ్డు లేని కొత్త స్లైడు మీద డైమండ్ పెన్సిలుతో ల్యాబ్ నంబరు చెక్కిన తరువాతే డబ్బా మూత తీయండి. స్లైడు మీది నంబరూ డబ్బా మీది నంబరూ ఒకటేనా అని ఆ క్షణంలోనే చూసుకోవాలి. మూత మీద కాకుండా డబ్బా పక్కన నంబరు రాయడం ఎందుకంటే, ఒకేసారి రెండు మూతలు తీసి పెట్టినప్పుడు అవి మారిపోతాయి.

చీపురు పుల్లను విరిచి, ఆ విరిగిన గరుకు కొసతో కఫంలోని పసుపు పచ్చటి చీము ముద్దను ఎంచి తీయండి. నున్నటి కొసకు కఫం పట్టదు. స్లైడు మధ్యలో 3 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు వచ్చేలా, చిన్న చిన్న చుట్లు చుడుతూ సమంగా పరచండి. మందం సరిపోయిందో లేదో చూడటానికి ఒక పాత ఉపాయం ఉంది. ఆరిన స్మియరును, రంగు వేయకముందు, వార్తాపత్రికకు నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకుని చూడండి. కింది అక్షరాలు చదవగలిగితే సరిపోయింది. అక్షరాలు కనబడకపోతే స్మియరు మందమైంది, రంగు వేసేటప్పుడు పొరలుగా ఊడిపోతుంది. అక్షరాలు ఏమీ అడ్డు లేనట్టు కనబడితే మరీ పలుచబడింది, లెక్క తగ్గుతుంది. నమూనాకో పుల్ల వాడి, వాడిన పుల్లను వెంటనే 5 శాతం ఫినాలు ఉన్న పాత్రలో వేయండి.

స్మియరును గాలికి 15 నుంచి 30 నిమిషాలు ఆరనివ్వాలి. ఎండలో పెట్టవద్దు, తడిగా ఉన్నప్పుడు మంట మీద చూపవద్దు. పూర్తిగా ఆరాక, స్మియరు పైకి ఉండేలా పట్టుకుని, స్పిరిట్ దీపం మంట మీదుగా మూడు నుంచి ఐదుసార్లు, ఒక్కోసారి మూడు నాలుగు సెకన్లు పోనివ్వండి. వేడి చాలకపోతే కడిగేటప్పుడు స్మియరు కొట్టుకుపోతుంది. ఎక్కువైతే స్మియరు మాడి గోధుమరంగుకు తిరుగుతుంది, క్రిములకు రంగు సరిగా పట్టదు.

మూడు ద్రావణాలు

కార్బాల్ ఫుక్సిన్ 1 శాతం, సల్ఫ్యూరిక్ ఆమ్లం 25 శాతం, మిథిలీన్ బ్లూ 0.1 శాతం: ఈ మూడే మనకు కావలసినవి. ఒక లీటరు కార్బాల్ ఫుక్సిన్‌కు 10 గ్రాముల బేసిక్ ఫుక్సిన్, 50 మి.లీ. కరిగించిన ఫినాలు, 100 మి.లీ. స్పిరిట్, మిగిలినది డిస్టిల్డ్ వాటరు. ఆమ్లం తయారుచేసేటప్పుడు 750 మి.లీ. నీరు ముందు పోసి, 250 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని అంచు వెంబడి కొద్దికొద్దిగా పోయాలి. ఆమ్లంలో నీరు పోస్తే మరిగి ఎగిరి ముఖాన పడుతుంది. ఈ వరుసను ఎన్నడూ తిరగవేయవద్దు.

ఈ మూడింటి పనీ ఒకే సంగతి మీద ఆధారపడి ఉంది. క్షయ క్రిమి గోడ మైకోలిక్ ఆమ్లాలతో మైనం పూసినట్టు ఉంటుంది. మామూలు రంగునీరు దాని మీద తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. ఫినాలూ వేడీ తోడైతే ఎర్ర ఫుక్సిన్ ఆ మైనంలోకి దిగుతుంది, చల్లారాక అక్కడే చిక్కుకుంటుంది. ఆ తరువాత ఆమ్లం పోసినా మిగతా కణాల నుంచి, మామూలు బ్యాక్టీరియా నుంచి రంగు పోతుంది గానీ దీని నుంచి పోదు. ఆమ్ల నిరోధక క్రిమి అన్న పేరు అందుకే వచ్చింది. చివరి నీలిరంగు వెనకనున్న తెరను నీలంగా చేసి, ఎరుపును కంటికి ఎత్తి చూపించడానికే. ఫినాలు చేర్చిన జీలు, ఆమ్లం మార్చిన నీల్సన్ ఈ పద్ధతిని తీర్చిదిద్దింది 1882, 1883 సంవత్సరాలలో, అంటే కాక్ క్షయ క్రిమిని ప్రకటించిన వెంటనే. ఇన్నేళ్లుగా అసలు సూత్రం మారలేదు.

రంగు వేయడం

స్లైడులను స్మియరు పైకి ఉండేలా స్టాండు మీద వరుసగా పేర్చండి. రెండు స్లైడుల మధ్య వేలెడు సందు ఉండాలి. అవి తగిలి ఉంటే ఒకదాని మీది రంగునీరు పక్కదాని మీదికి పాకుతుంది, దానితో పాటు క్రిములూ పాకుతాయి. ఒక్కో విడతకు 12 కంటే ఎక్కువ పెట్టకపోవడం మంచిది, ఎందుకంటే చివరి స్లైడుకు ఆమ్లం పోసే లోపల మొదటిదానికి సమయం దాటిపోతుంది.

కార్బాల్ ఫుక్సిన్‌ను వడకట్టి, స్లైడు అంతా మునిగేలా పోయండి. వడకట్టకపోతే రంగు గడ్డలు స్మియరు మీద కూర్చుని క్రిములను తలపిస్తాయి. ఇప్పుడు కింది నుంచి స్పిరిట్ దీపాన్ని ఒక్కో స్లైడు కింద కదిలిస్తూ వేడి చేయండి. రంగు మీద నుంచి సన్నటి ఆవిరి లేవగానే మంట తీసేయాలి. బుడగ వచ్చిందంటే మరిగినట్టే, అది పొరపాటు. ఆవిరి లేచినప్పటి నుంచి 5 నిమిషాలు అలాగే ఉంచండి. ఈ లోపల రంగు అంచుల నుంచి ఎండుతూ వస్తుంటే మరికాస్త పోయండి. ఎండిన చోట మిగిలే ముదురు ఎరుపు స్ఫటికాలే తరువాత మిమ్మల్ని ఎక్కువగా మోసం చేస్తాయి.

చల్లారాక సన్నటి ధారతో, స్మియరు మీద కాక అంచు మీద పడేలా నీరు పోసి కడిగి, స్లైడును వంచి నీరు ఓడ్చండి. తరువాత 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నిండుగా పోసి 2 నుంచి 4 నిమిషాలు ఉంచండి. కడిగి చూడండి: పలుచటి చోట్ల స్మియరుకు రంగు లేకుండా, మందపు చోట్ల లేత గులాబీ ఛాయ మాత్రమే మిగలాలి. ఇంకా ఎర్రగా ఉంటే మళ్లీ ఆమ్లం పోసి మరో ఒకటి నుంచి మూడు నిమిషాలు ఉంచి కడగండి. మళ్లీ మళ్లీ ఆమ్లం పోయవలసి వస్తోందంటే తప్పు ఇక్కడ కాక వెనక ఉంది: స్మియరు మందమైంది, లేదా రంగు ఎండిపోయింది. చివరిగా మిథిలీన్ బ్లూ 30 సెకన్లు. అంతకు మించితే నీలం ముదిరి, సన్నటి ఎర్ర క్రిములు దానిలో మునిగిపోతాయి. కడిగి, నిలబెట్టి గాలికి ఆరనివ్వండి. బ్లాటింగు కాగితంతో అద్దవద్దు. ఒకే కాగితం పది స్లైడులకు వాడితే ఒక 3+ స్లైడు మిగతా తొమ్మిదింటి మీదా కొన్ని క్రిములను వదిలిపోవచ్చు.

ప్రతి కొత్త రంగు సీసాకూ, ముందే తెలిసిన ఒక పాజిటివ్ స్లైడూ ఒక నెగెటివ్ స్లైడూ కలిపి వేయండి. వీటితో పాటు స్మియరే లేని ఖాళీ స్లైడును ఒకటి వేయడం నేను నేర్చుకున్నది ఒక ఇబ్బంది తరువాత. నేను పనిచేసిన ఒక కేంద్రంలో వరుసగా రెండు రోజులు ఒకటి రెండు క్రిములతో స్వల్ప పాజిటివులు వస్తూ ఉన్నాయి. రోగులలో అంత ఉమ్మడి పోలిక లేదు. ఖాళీ స్లైడుకు రంగు వేసి చూస్తే దాని మీదా రెండు మూడు ఎర్ర పుల్లలు. ద్రావణం కలపడానికీ కడగడానికీ ట్యాంకు నీరు వాడారు. నీటి పైపులలో, ట్యాంకు అడుగున పాచిలో బతికే హానిలేని మైకోబ్యాక్టీరియా ఉంటాయి, వాటికీ ఇదే రంగు పడుతుంది. ద్రావణం మార్చి, డిస్టిల్డ్ వాటరుకు మళ్లాక ఆ పాజిటివులు ఆగిపోయాయి.

చూడటం

ముందు 10 ఎక్స్ లెన్సుతో స్మియరును ఫోకస్ చేసి, తెల్ల కణాలు ఉన్న చోటు చూసుకోండి. ఇమ్మర్షన్ నూనె ఒక చుక్క పైనుంచి వదలాలి, సీసా పుల్ల స్లైడును తాకకూడదు. తరువాత 100 ఎక్స్ లెన్సు. క్షయ క్రిములు సన్నటి ఎర్ర కడ్డీలు, కొద్దిగా వంగి, కొన్నిసార్లు పూసలు గుచ్చినట్టు, పొడవు 1 నుంచి 10 మైక్రాన్లు. ఒంటిగానో, జంటలుగానో, గుంపులుగానో ఉంటాయి. ఫోకస్ స్క్రూను కాస్త అటూ ఇటూ తిప్పినప్పుడు క్రిమి స్మియరు కణాలతో పాటే స్పష్టమై పోతుంది. గాజు మీది గీత, దుమ్ము, రంగు స్ఫటికం వేరే లోతులో స్పష్టమవుతాయి, వాటి అంచు నల్లగా మెరుస్తుంది. అనుమానం ఉన్నప్పుడు ఈ ఒక్క పరీక్ష చాలావరకు తేల్చేస్తుంది.

స్మియరు ఎడమ అంచు మధ్య నుంచి మొదలుపెట్టి కుడివైపుకు నేరుగా నడవండి. 100 ఎక్స్ కింద ఒక ఫీల్డు వెడల్పు సుమారు 0.2 మి.మీ. కనుక 2 సెం.మీ. పొడవు నడిస్తే దాదాపు 100 ఫీల్డులు పూర్తవుతాయి. స్మియరు 3 సెం.మీ. ఉండటం వల్ల ఒకే వరుసలో 100 ఫీల్డులు ఇరుకు లేకుండా దొరుకుతాయి. అదే దారిలో వెనక్కి రావద్దు, చూసిన ఫీల్డే మళ్లీ లెక్కకొస్తుంది.

గ్రేడు ఇవ్వడం

ఒక్కో ఫీల్డులో సగటున 10 క్రిములకు మించి ఉంటే 20 ఫీల్డులు చూసి 3+ రాయవచ్చు, అంటే ఆ 20 ఫీల్డులలో మీరు 200 కంటే ఎక్కువ చూసి ఉండాలి. సగటు 1 నుంచి 10 వరకు ఉంటే 50 ఫీల్డులు చూసి 2+. అది కూడా లేకపోతే 100 ఫీల్డులు తప్పవు: మొత్తం 10 నుంచి 99 వరకు వస్తే 1+, 1 నుంచి 9 వరకు వస్తే స్వల్పం, అంటే మనం స్కాంటీ అనేది. స్కాంటీలో అంకె తప్పక రాయాలి, "స్కాంటీ 4" అన్నట్టుగా. 100 ఫీల్డులలో ఏమీ లేకపోతేనే నెగెటివ్.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక రోగి మొదటి నమూనాలో మొదటి 50 ఫీల్డులకు 43 క్రిములు కనబడ్డాయి. చాలామంది చేయి ఇక్కడే 2+ రాయబోతుంది, ఎందుకంటే కొన్ని ఫీల్డులలో నాలుగైదు గుంపుగా కనబడి ఉంటాయి. కానీ 43ను 50తో భాగిస్తే 0.86, ఒకటి కంటే తక్కువ. కాబట్టి ఆగకూడదు. మిగతా 50 ఫీల్డులలో 35 వచ్చాయి. మొత్తం 100 ఫీల్డులకు 78, గ్రేడు 1+. మర్నాటి పొద్దుటి నమూనాలో మొదటి 20 ఫీల్డులకు 96, సగటు 4.8. ఇది 3+ కాదు, అందువల్ల 50 వరకు వెళ్లాలి. 50కి 231, సగటు 4.6, గ్రేడు 2+. రెండు ఫలితాలనూ రిజిస్టరులో విడివిడిగా, ఎర్ర సిరాతో రాయండి. ఒకే రోగికి రెండు గ్రేడులు రావడంలో తప్పేమీ లేదు, రెండూ వేరు వేరు కఫాలు. గుంపుగా ఉన్న క్రిములను విడిగా చూడగలిగితే ఒక్కొక్కటిగా లెక్కించండి, చూడలేనప్పుడు అంచనా వేయండి.

100 ఫీల్డులు చూడకుండా నెగెటివ్ ఎందుకు రాయకూడదో ఒక చిన్న లెక్క చెబుతుంది. స్మియరులో 100 ఫీల్డులకు సగటున 3 క్రిములే ఉన్నాయనుకుందాం. అవి సమంగా చెదిరి ఉంటే, 100 ఫీల్డులు చూసినా ఒక్కటీ కనబడకపోయే అవకాశం సుమారు 5 శాతం. అదే 30 ఫీల్డులు చూసి ఆపేస్తే ఆ అవకాశం దాదాపు 40 శాతం. ఇంకో లెక్క: 6 చదరపు సెంటీమీటర్ల స్మియరులో ఇలాంటి ఫీల్డులు సుమారు 19,000. మనం చూసే 100 అందులో అర శాతం. 100 ఫీల్డులకు ఒక్క క్రిమి కనబడితే స్మియరు మొత్తంలో దాదాపు 190 ఉన్నట్టు. స్మియరులో 0.02 మి.లీ. కఫం ఉందనుకుంటే మిల్లీలీటరుకు 9,500 అవుతుంది. స్మియరులో కనబడాలంటే మిల్లీలీటరు కఫంలో కనీసం 5,000 నుంచి 10,000 క్రిములు ఉండాలని పుస్తకాలు చెప్పే హద్దు కూడా ఇంచుమించు ఇదే. అందుకనే నెగెటివ్ అంటే క్షయ లేదని అర్థం కాదు, ఈ స్మియరులో ఈ 100 ఫీల్డులలో కనబడలేదని అర్థం. అనుమానం బలంగా ఉన్న చోట సీబీనాట్, ట్రూనాట్ వంటి పరీక్షలకు నమూనా వెళ్లాలి.

ఒకటి నుంచి మూడు క్రిములే కనబడినప్పుడు నేను మరో 100 ఫీల్డులు చూస్తాను, అదే నమూనా నుంచి రెండవ స్మియరు వేస్తాను. ఇది గ్రేడు మార్చడానికి కాదు, కనబడినది క్రిమేనా, పక్క స్లైడు నుంచో లెన్సుకు అంటిన నూనె నుంచో వచ్చిందా అని తేల్చుకోవడానికి. 3+ స్లైడు చూసిన తరువాత లెన్సును లెన్సు కాగితంతో తుడవకుండా తరువాతి స్లైడుకు వెళ్లకూడదన్నది కూడా ఇందుకే.

చికిత్స మధ్యలో వచ్చే స్మియరును చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రెండు నెలల మందుల తరువాత 3+ కాస్తా 1+ గా మారితే క్రిములు తగ్గాయనే అర్థం, కానీ ఆ మిగిలినవి బతికి ఉన్నాయా చచ్చాయా అన్నది ఈ రంగు చెప్పదు. చచ్చిన క్రిమి గోడలోనూ మైనం ఉంటుంది, దానికీ ఎరుపే పడుతుంది. అలాగే క్షయ కాని మైకోబ్యాక్టీరియా కూడా ఇలాగే కనబడతాయి. కాబట్టి మీ పని గ్రేడును ఉన్నది ఉన్నట్టు రాయడం. మందులకు లొంగని క్షయా అన్నది తేల్చవలసింది మందుల సున్నితత్వ పరీక్ష.

స్లైడులు దాచడం

చూసిన స్లైడుల నూనెను మెత్తటి టిష్యూ మీద బోర్లించి పీల్చనిచ్చి, పాజిటివులనూ నెగెటివులనూ వేరు చేయకుండా రిజిస్టరు నంబరు వరుసలోనే పెట్టెలో పెట్టండి. నెల తిరిగాక కొన్నింటిని ఎంచి, మీ ఫలితం తెలియకుండా మళ్లీ చదువుతారు. మీరు 2+ రాసింది అక్కడ 1+ వస్తే తప్పు కింద లెక్కించరు, ఒక గ్రేడు తేడా ఇద్దరు మనుషులు చదివినప్పుడు సహజం. 3+ ను 1+ అని రాసి ఉంటే లెక్క తప్పినట్టు నమోదవుతుంది. అసలు పెద్ద తప్పు అనిపించుకునేది 1+ గానీ అంతకు మించింది గానీ మీ రిజిస్టరులో నెగెటివ్‌గా ఉన్నప్పుడు, లేదా దానికి ఎదురుగా జరిగినప్పుడు. అలాంటి స్లైడు ఒకటి వెనక్కి వస్తే, ముందుగా దాన్ని వార్తాపత్రిక మీద పట్టి మందం చూడండి, తరువాత నేపథ్యంలో ఎరుపు మిగిలి ఉందా చూడండి, ఆపైన ఆ రోజు రిజిస్టరులో ఎన్ని స్లైడులు చదివారో లెక్కపెట్టండి. రోజుకు పాతిక దాటి ఉంటే, కారణం వెతకడానికి మైక్రోస్కోపు దాకా వెళ్లనక్కరలేదు.